పోయిన డీల్‌కు మూడు పఠనాలు: సేల్స్ నుంచి ప్రాడక్ట్, ఆపరేషన్స్, స్ట్రాటజీ వైపు

డీల్ చేజారిన రోజున సేల్స్ ఉద్యోగి, కస్టమర్ల, డీళ్ల వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ అయిన సీఆర్ఎంలో ఒక గడి నింపాలి. డీల్ పోవడానికి కారణం ఏమిటని ఆ గడి అడుగుతుంది. కింద నాలుగైదు జవాబులు సిద్ధంగా ఉంటాయి: ధర ఎక్కువ, ఫీచర్ లేదు, పోటీ సంస్థను ఎంచుకున్నారు, నిర్ణయం వాయిదా పడింది, ఇతరాలు. చాలామంది క్షణంలో ఏదో ఒకటి నొక్కి తర్వాతి ఫోన్ కాల్‌కు వెళ్లిపోతారు. నెలాఖరు టార్గెట్ తరుముతుంటే పోయినదాని గురించి ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది? కానీ సేల్స్ నుంచి ప్రాడక్ట్, ఆపరేషన్స్, స్ట్రాటజీ విభాగాల్లో ఏదో ఒకదానికి మారాలనుకునేవారికి, సంస్థ మొత్తం వెతికినా ఈ గడికి మించిన గని దొరకదని నా నమ్మకం. ఆ మూడు ఉద్యోగాలూ ఈ ఒక్క గడిని మూడు వేరువేరు తీర్లలో చదువుతాయి. ఆ చదివే పద్ధతిని ఉద్యోగం మారకముందే నేర్చుకోవచ్చు.

మారాలనుకునే సేల్స్‌వారు సాధారణంగా చెప్పుకునే అర్హత ఒకటే: "నాకు కస్టమర్ తెలుసు." అది అబద్ధం కాదు. అయితే ఆ ఎరుకకు హద్దులున్నాయి. సేల్స్ ఉద్యోగికి తెలిసింది తన దాకా వచ్చిన కస్టమర్, అదీ కొనాలా వద్దా అని తేల్చుకునే కొద్ది వారాల్లో. అసలు ఫోనే చేయనివారు అతనికి తెలియదు. సంతకం అయిన ఆరు నెలలకు ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు వాడుతున్నారో, ఎవరు పక్కన పడేశారో తెలియదు. పైగా అతను ఒక్కో కస్టమర్‌ను విడివిడిగా చూస్తాడు. ఒక డీల్ గెలవడానికి ఆ చూపే కావాలి. రెండు వందల డీళ్లను ఒక్కసారి చూసి అర్థం చేసుకోవడానికి మాత్రం అది సరిపోదు.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. ఇది నేను ఊహించి కట్టిన లెక్క, ఏ సంస్థదీ కాదు. గోదాముల్లో సరుకు నిల్వలు, కొనుగోళ్లు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను వ్యాపార సంస్థలకు అమ్మే కంపెనీ ఒకటి ఉందనుకోండి. ఏడాదిలో 200 డీళ్లు కొటేషన్ దాకా వచ్చాయి. 50 గెలిచారు, 150 పోయాయి. పోయిన వాటిలో 80 డీళ్లకు కారణం "ధర ఎక్కువ" అని, 40 డీళ్లకు "ఫీచర్ లేదు" అని నమోదైంది. మిగతా 30 డీళ్లకు రకరకాల కారణాలు. సేల్స్ బృందం చేసే వాదన ఊహించడం కష్టం కాదు: ధర తగ్గించండి, ఆ ఫీచర్ కట్టండి. కస్టమర్లు ఎక్కువగా అడుగుతున్నది, కొనుగోలు ఆర్డర్లను మొబైల్ ఫోను నుంచే ఆమోదించే సదుపాయం.

ఈ వాదన తప్పని ముందే తీర్మానించాల్సిన పని లేదు. దాన్ని ఎలా పరీక్షిస్తామన్న దగ్గరే మూడు దారులూ విడిపోతాయి.

ప్రాడక్ట్: ఒప్పించకుండా వినడం

ప్రాడక్ట్ మేనేజర్ మొదట పట్టుకునేది "ఫీచర్ లేదు" అన్న 40 డీళ్లను. వాటిలో ఒక డజను మందికి ఫోన్ చేసి మాట్లాడాలి. సేల్స్ నుంచి వచ్చినవారికి ఇది సులువుగా కనిపిస్తుంది, ఎందుకంటే మాట్లాడటమే వారి వృత్తి. నిజానికి అందరికంటే ఎక్కువ తడబడేది వారే.

కారణం అలవాటు. కస్టమర్ అభ్యంతరం చెప్పగానే దానికి సమాధానం చెప్పడం సేల్స్‌లో నేర్పు. "ఆ సదుపాయం లేదు కదా" అనగానే "దాని బదులు ఇలా చేయవచ్చు" అని నోటికి వచ్చేస్తుంది. అమ్మేటప్పుడు అది డీల్‌ను కాపాడుతుంది. సమస్యను అర్థం చేసుకోవడానికి మాట్లాడేటప్పుడు అదే మాట ఎదుటివారి నోరు మూయిస్తుంది. మన వివరణ విన్న కస్టమర్ మర్యాదగా తలూపుతారు, మనం సమస్య తీరిపోయిందనుకుంటాం. ఈ సంభాషణల్లో మొదటి నియమం, తమ ఉత్పత్తిని సమర్థించుకోకపోవడం. మధ్యలో మౌనం వస్తే దాన్ని నింపకుండా ఆగడం.

రెండో నియమం, భవిష్యత్తు గురించి అడగకపోవడం. "ఈ ఫీచర్ ఉండి ఉంటే కొనేవారా?" అన్న ప్రశ్నకు వచ్చే "అవును"కు విలువ లేదు. అలా అనడానికి ఎవరికీ ఏ ఖర్చూ కాదు. "చివరిసారి ఆర్డర్ ఆమోదం ఆలస్యమైంది ఎప్పుడు? ఆ రోజు ఏం చేశారు?" అని అడగాలి. నిజంగా ఇబ్బంది పడినవారికి ఒక రోజు, ఒక మనిషి, ఒక నష్టం గుర్తుంటాయి. పడనివారు "సాధారణంగా అలా అవుతూ ఉంటుంది" అని దాటేస్తారు. రెండు జవాబులకూ మధ్య తేడా వినగానే తెలిసిపోతుంది.

మన ఉదాహరణలో 12 మందితో మాట్లాడితే ఇలా తేలిందనుకుందాం. ముగ్గురు నిజంగానే మొబైల్ ఆమోదం లేదని వెనక్కి తగ్గారు. ఐదుగురి దగ్గర పోటీ సంస్థ ఇచ్చిన ఫీచర్ల జాబితా ఉంది, దాంట్లో ఉంది కాబట్టి మనల్నీ అడిగారు. ఒత్తి అడిగితే ఆ అవసరం తమకు ఎప్పుడు వచ్చిందో చెప్పలేకపోయారు. మిగిలిన నలుగురు అసలు ఎవరి దగ్గరా కొనలేదు, ఇప్పటికీ పాత ఎక్సెల్ షీట్లతోనే నెట్టుకొస్తున్నారు. ఈ నలుగురినీ, ముందు చెప్పిన ఐదుగురిలో ఇద్దరినీ మరికాస్త మాట్లాడనిస్తే ఇంకో సంగతి బయటపడింది: పాత డేటా. ఒకే సరుకు మూడు పేర్లతో ఉంది. కొన్నిచోట్ల లెక్క పెట్టెల్లో, కొన్నిచోట్ల విడి వస్తువుల్లో. దాన్ని సరిచేసి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ఇది సేల్స్ బృందం చెవిన ఎందుకు పడలేదు? డెమోకు వచ్చి కూర్చున్నది కొనుగోలు నిర్ణయం తీసుకునే మేనేజర్. డేటా ఎక్కించాల్సింది గోదాములో లెక్కలు చూసే ఉద్యోగి. ఆయన్ని డెమోకు ఎవరూ పిలవలేదు. తర్వాత లోపల ఆ ఉద్యోగి "ఇది మా వల్ల కాదు" అంటే, మేనేజర్ బయటికి "ఫలానా ఫీచర్ లేదు" అని చెప్పారు. కొనేవారు వేరు, వాడేవారు వేరు అన్నది ప్రాడక్ట్ పనిలో మొదటి పాఠం. సేల్స్‌లో పూర్తిగా కొనేవారి పక్కనే గడిపినవారు ఈ పాఠాన్ని పనిగట్టుకుని నేర్చుకోవాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. 12 సంభాషణలు సమస్య ఏమిటో చెబుతాయి, అది ఎంతమందికి ఉందో చెప్పవు. "సగం మంది డేటా గురించే బాధపడుతున్నారు" అని నివేదికలో రాస్తే అది తప్పు. ఎంతమందికి అన్నది వేరే చోట వెతకాలి. గెలిచిన 50 మంది కస్టమర్లలో సంతకానికీ, మొదటిసారి పూర్తిస్థాయిలో వాడటానికీ మధ్య ఎన్ని రోజులు పట్టింది? ఆ రోజుల్లో సపోర్ట్ విభాగానికి వచ్చిన ఫిర్యాదులు దేని గురించి? కొన్నవారు కూడా అక్కడే ఇరుక్కుని ఉంటే కొననివారి మాటకు బలం వస్తుంది.

తర్వాతి నైపుణ్యం రాయడం. ఒక పేజీ చాలు, కానీ అందులో సగం దాకా పరిష్కారం ఊసు రాకూడదు. ఎవరికి, ఏ సందర్భంలో, ఎంత తరచుగా, ఇప్పుడు వారు ఎలా నెట్టుకొస్తున్నారు, మనకు ఇది ఎలా తెలిసింది అన్నవే ఉండాలి. సేల్స్‌లో మాట ఎదుటి మనిషి ముఖాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ రాసిన పేజీని ఇంజినీర్లు మనం లేనప్పుడు చదివి, అందులో ఉన్న ఖాళీలను పట్టుకుంటారు. ఆ పేజీ తీసుకుని వెళ్లాక వారిని "ఎప్పటికి అవుతుంది?" అని అడగడం కంటే "ఇందులో కష్టమైన భాగం ఏది?" అని అడగడం మేలు. మొబైల్ ఆమోదానికి భద్రత, లాగిన్, నోటిఫికేషన్లు అన్నీ కదపాలి, డేటా ఎక్కించే సాధనంలో ఒక చిన్న భాగం ముందే కట్టి ఇవ్వవచ్చు అని తెలిసేది ఆ ప్రశ్నతోనే.

సేల్స్ నుంచి వచ్చిన ప్రాడక్ట్ మేనేజర్ దారి తప్పుతున్నాడని ఎలా గుర్తుపట్టాలి? అతని పనుల జాబితా చూడండి. ప్రతి పని పక్కనా ఒక కస్టమర్ పేరుంటే, ఆ పని కస్టమర్ చెప్పిన పరిష్కారంగానే రాసి ఉంటే, విడుదలయ్యాక ఎంతమంది వాడారో ఎక్కడా లేకపోతే, అతను ఇంకా అమ్ముతూనే ఉన్నాడు. ఈసారి అమ్ముతున్నది ఇంజినీర్లకు, అంతే తేడా. పాత సహోద్యోగి వచ్చి "ఇది ఒక్కటి కట్టిస్తే ఈ డీల్ వస్తుంది" అన్నప్పుడు కాదని చెప్పగలగడం, ఎందుకు కాదో లెక్కతో చెప్పగలగడం ఈ మార్పులో అన్నిటికంటే బాధాకరమైన భాగం. స్నేహాలు కాస్త బీటలు వారవచ్చు కూడా.

ఆపరేషన్స్: తేదీలను నమ్మే ముందు

సేల్స్‌కు అందరికంటే దగ్గరి పొరుగు ఆపరేషన్స్, అందులోనూ సేల్స్ ఆపరేషన్స్. ఈ విభాగం చూసేది "ధర ఎక్కువ" అన్న మాటను కాదు, ఆ డీల్ నడిచిన దారిని. విచారణ ఎప్పుడు వచ్చింది, కొటేషన్ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు చేతికి అందింది, ఎన్నిచోట్ల ఆగింది.

మొదట తేదీలను నమ్మవచ్చో లేదో చూడాలి. సీఆర్ఎంలో డీల్ దశ మారిన తేదీలన్నీ శుక్రవారాల్లోనో నెలాఖరులోనో గుంపుగా పడి ఉంటే, అవి పని జరిగిన తేదీలు కావు, మేనేజర్ గట్టిగా అడిగాక నింపిన తేదీలు. సేల్స్‌లో పనిచేసినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ గడులు వారే అలా నింపి ఉంటారు. బయటినుంచి వచ్చిన విశ్లేషకుడు నెలల తరబడి తప్పు తేదీల మీద గ్రాఫులు గీస్తాడు. మన ఉదాహరణలో కొటేషన్ వెళ్లిన ఈమెయిల్ తేదీని తీసుకోవడం సరైన దారి, ఎందుకంటే దాన్ని చేత్తో నింపలేరు.

అలా లెక్కిస్తే, అడిగిన 3 రోజుల్లో కొటేషన్ అందిన డీళ్లు 80. వాటిలో గెలిచినవి 28, అంటే 35 శాతం. 9 రోజులు దాటాక అందినవి 60, గెలిచినవి 9, అంటే 15 శాతం. మధ్యలో ఉన్న 60 డీళ్లలో 13 గెలిచారు. ఆలస్యానికి కారణం డిస్కౌంట్: ఎంత చిన్న తగ్గింపు అడిగినా ముగ్గురు సంతకం చేయాలి. ఇక తీర్పు వచ్చేసినట్టే అనిపిస్తుంది. "ధర ఎక్కువ" కాదు, కొటేషన్ ఆలస్యం.

అంత తొందర వద్దు. పెద్ద కస్టమర్లు ఎక్కువ డిస్కౌంట్ అడుగుతారు, వారి కొటేషన్లే ఎక్కువ ఆలస్యమవుతాయి, వారిని గెలవడం ఎలాగూ కష్టం. ఆలస్యం ఓటమికి కారణమా, లేక రెండూ కస్టమర్ పరిమాణం నుంచి వచ్చినవా? డీళ్లను చిన్నవి, పెద్దవి అని విడదీస్తే తప్ప తేలదు.

| కస్టమర్ | 3 రోజుల్లోపు | 9 రోజులు దాటాక |
|---|---|---|
| చిన్న | 60 డీళ్లలో 24 గెలుపులు (40%) | 15 డీళ్లలో 4 గెలుపులు (27%) |
| పెద్ద | 20 డీళ్లలో 4 గెలుపులు (20%) | 45 డీళ్లలో 5 గెలుపులు (11%) |

మొత్తంగా చూసినప్పుడు తేడా 20 శాతం పాయింట్లు. విడదీశాక చిన్నవారిలో 13, పెద్దవారిలో 9 మాత్రమే. అంటే మొదట కనిపించిన తేడాలో దాదాపు సగం ఆలస్యం వల్ల వచ్చింది కాదు. ఆలస్యమైన గుంపులో పెద్ద కస్టమర్లు ఎక్కువగా ఉండటం వల్ల వచ్చింది. మిగిలిన సగం నిలబడుతుంది, అయితే 15 డీళ్లలో ఒక్క గెలుపు అటూ ఇటూ అయినా శాతం ఎంత ఊగుతుందో చూస్తే, దీన్ని పరీక్షించదగ్గ అనుమానం అనాలి తప్ప రుజువు అనకూడదు.

ఈ పట్టిక కోసం పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వస్తే చాలు. డేటా ఎక్కువైతే, డేటాబేస్ నుంచి వివరాలు రాబట్టే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో ఈ మాత్రం రాయగలగాలి:

```sql
SELECT size_band, quote_band,
       COUNT(*) AS deals,
       SUM(won) AS wins
FROM closed_deals
GROUP BY size_band, quote_band;
```

అసలు కష్టం ఈ కోడ్ కాదు. `size_band` అంటే ఏమిటో అందరూ ఒప్పుకునేలా నిర్వచించడం కష్టం. ఉద్యోగుల సంఖ్యను బట్టి పెద్ద సంస్థా, ఆర్డర్ విలువను బట్టా? సేల్స్, ఫైనాన్స్, ప్రాడక్ట్ విభాగాలు ఒక్కొక్కటి ఒక్కో అర్థంతో వాడుతుంటాయి. వారిని కూర్చోబెట్టి ఒక్క వాక్యం మీద సంతకం చేయించేవారే ఆపరేషన్స్‌లో నిలబడతారు. ఆ పనికి సేల్స్‌లో నేర్చుకున్న ఓర్పు, బేరసారాలు నేరుగా పనికొస్తాయి.

పరిష్కారం దగ్గర కూడా సేల్స్ అనుభవం కాపాడుతుంది. 10 శాతం వరకు డిస్కౌంట్‌ను సేల్స్ ఉద్యోగే ఇవ్వవచ్చు, 20 వరకు మేనేజర్, ఆపైన మాత్రమే ముగ్గురి సంతకం అని నియమం మార్చారనుకోండి. కాగితం మీద బాగుంది. కానీ ఇన్సెంటివ్ కోసం పరుగెత్తినవారికి వెంటనే తట్టే సంగతి ఒకటుంది: రేపటి నుంచి ప్రతి కొటేషన్‌లోనూ అడగకపోయినా 10 శాతం తగ్గింపు కనిపిస్తుంది. అందుకే కొటేషన్ ఎన్ని రోజుల్లో వెళ్లిందన్న దానితో పాటు సగటు డిస్కౌంట్‌నూ చూడాలి. తగ్గింపులన్నీ సరిగ్గా 10 దగ్గర గుంపుకడితే నియమం దుర్వినియోగమవుతున్నట్టు. ముందు సగం బృందంతో ఒక త్రైమాసికం నడిపి, మిగతా సగంతో పోల్చాక అందరికీ వర్తింపజేయడం క్షేమం.

ఈ దారిలో ఎక్కువమంది చిక్కుకునే గుంట ఒకటుంది. మీరు రిపోర్టులు బాగా తీయగలరని తెలిసిన మరుక్షణం అందరూ రిపోర్టులే అడుగుతారు. ఏడాది తిరిగేసరికి మీ పని ప్రతి సోమవారం పట్టికలు పంపడంగా మిగులుతుంది. పంపిన ఏ పట్టిక వల్ల ఏ నియమం మారింది అని మూడు నెలలకోసారి చూసుకోండి. ఒక్కటీ మారకపోతే మీరు ఆపరేషన్స్ చేయడం లేదు.

స్ట్రాటజీ: ఎవరికి అమ్మకూడదు

స్ట్రాటజీ విభాగం ఇదే డేటాను చూసి ఇంకో ప్రశ్న వేస్తుంది: పెద్ద కస్టమర్ల వెంట అసలు మనం ఎందుకు పడుతున్నాం?

మన 200 డీళ్లలో చిన్న కస్టమర్లవి 110, గెలిచినవి 37. పెద్దవారివి 90, గెలిచినవి 13. ఒక చిన్న కస్టమర్ నుంచి ఏడాదికి వచ్చే స్థూల లాభాన్ని 1 అనుకుంటే, పెద్ద కస్టమర్ నుంచి 4 వస్తుందనుకుందాం. సేల్స్ దృష్టిలో ఇక చర్చ ముగిసింది: పెద్ద డీల్ పెద్దదే. కానీ బృందం క్యాలెండర్లు చూస్తే గెలిచినా ఓడినా ఒక చిన్న డీల్‌కు 20 గంటలు, పెద్ద డీల్‌కు 90 గంటలు పట్టాయి. ఓడిన డీళ్ల గంటలు కూడా ఖర్చే. చిన్నవారిపై మొత్తం 2,200 గంటలు పెట్టి 37 సంపాదించారు, అంటే 100 గంటలకు సుమారు 1.7. పెద్దవారిపై 8,100 గంటలు పెట్టి 52 సంపాదించారు, అంటే 100 గంటలకు 0.64.

ఇక్కడితో ఆపితే అది అరకొర లెక్క. చిన్న కస్టమర్లు తొందరగా వదిలేస్తారు. ఏటా 30 శాతం చిన్నవారు, 8 శాతం పెద్దవారు వెళ్లిపోతారనుకుని ఐదేళ్ల లాభం కూడితే, 100 గంటలకు చిన్నవారి నుంచి 4.7, పెద్దవారి నుంచి 2.7 వస్తుంది. దూరం బాగా తగ్గింది, అయినా చిన్నవారే ముందున్నారు. ఐదేళ్ల దగ్గరే ఆపడం కావాలని చేసిన పనే. ఏటా 8 శాతమే పోతే పెద్ద కస్టమర్ సగటున పన్నెండేళ్లకు పైగా ఉంటాడని సూత్రం చెబుతుంది, కానీ పుట్టి ఐదేళ్లయిన కంపెనీ పన్నెండేళ్ల లాభాన్ని లెక్కలో వేసుకుంటే అది ఆశ అవుతుంది, అంచనా కాదు.

స్ట్రాటజీలో అసలు నైపుణ్యం ఇంకా రాలేదు. ఏం మారితే ఈ నిర్ధారణ తలకిందులవుతుంది? లెక్కను వెనక నుంచి చేస్తే, పెద్దవారిలో 90 డీళ్లకు 22 గెలిస్తే రెండు వైపులూ సమానమవుతాయి. అంటే గెలుపు శాతం 14 నుంచి దాదాపు 25కు చేరాలి. ఇప్పుడు ఆపరేషన్స్ పట్టికను గుర్తుచేసుకోండి: కొటేషన్ 3 రోజుల్లో అందిన పెద్ద డీళ్లలో కూడా గెలుపు 20 శాతమే. అంటే ఆమోదాల ఆలస్యాన్ని పూర్తిగా తొలగించినా 90కి 18 దగ్గర ఆగిపోతాం. మిగతా నాలుగు గెలుపులు ఎక్కడినుంచి రావాలి? పాత డేటా ఎక్కించే సాధనం పెద్ద కస్టమర్ల భయాన్ని తీరుస్తుందా? తీరిస్తే పెద్దవారి మీద కొనసాగాలి. తీర్చకపోతే ఆ గంటలను చిన్నవారివైపు మళ్లించాలి. మూడు విభాగాల ప్రశ్నలు వేరైనా వాటి జవాబులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయని ఈ ఒక్క సంఖ్య చూపిస్తుంది.

ఇందుకు కావాల్సిన లెక్కలు కూడికలు, భాగహారాలే. స్థూల లాభం అంటే ఏమిటి, అమ్మకం విలువకూ దానికీ తేడా ఏమిటి, కస్టమర్‌ను సంపాదించడానికి అయ్యే ఖర్చులో ఏవేవి చేర్చాలి అన్నవి తెలిస్తే చాలావరకు గడుస్తుంది. అసలు ఇబ్బంది స్వభావంలో ఉంది. సేల్స్‌లో ముందు కథ సిద్ధం చేసుకుని దానికి సరిపడే అంకెలు ఏరుకుంటాం. ప్రజెంటేషన్‌కు అది బాగానే పనిచేస్తుంది. స్ట్రాటజీలో అదే అలవాటు సంస్థను తప్పు దారిలో రెండేళ్లు నడిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన విరుగుడు ఒకటే: లెక్క మొదలుపెట్టకముందే "ఫలానా సంఖ్య ఇంత వస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను" అని రాసి పెట్టుకోవడం. పైన 25 శాతం అన్నది అలాంటి గీత.

ఈ లెక్క చెప్పాల్సింది ఎవరికో కూడా ఆలోచించండి. పెద్ద కస్టమర్ల బృందంలో మీ పాత మిత్రులే ఉంటారు. వారి పని వృథా అని చెప్పడం కాదు, వారి గంటలు ఎక్కడ ఎక్కువ ఫలిస్తాయో చెప్పడం అని మాటలు మార్చవచ్చు, కానీ నిర్ణయం వారి జీతాలను తాకుతుంది. అందుకే ఈ కాగితం పై అధికారికి చేరకముందే వారికి చూపించాలి. తప్పు ఊహలను అందరికంటే ముందు పట్టుకునేదీ వారే.

ఏ గుమ్మం ఎంత దూరం

మూడింటిలో ఆపరేషన్స్ గుమ్మం దగ్గర. ప్రాడక్ట్‌కు నేరుగా దూకడం కష్టం కాబట్టి చాలామంది ప్రీసేల్స్ ద్వారానో, ప్రాడక్ట్ మార్కెటింగ్ ద్వారానో వెళ్తారు. ప్రీసేల్స్‌లో ఇంజినీర్ల భాష వస్తుంది, ప్రాడక్ట్ మార్కెటింగ్‌లో ఒక కస్టమర్‌కు బదులు ఒక వర్గాన్ని చూడటం అలవాటవుతుంది. స్ట్రాటజీ అన్నిటికంటే దూరం. ఆ ఉద్యోగాలకు కన్సల్టింగ్, ఫైనాన్స్ నేపథ్యం ఉన్నవారు పోటీపడతారు, అందువల్ల మధ్యలో ఆపరేషన్స్‌లో కొంతకాలం గడిపి వెళ్లడం తెలివైన పని.

కొత్త సంస్థలో కంటే ఉన్న సంస్థలోనే మారడం తేలిక, ముఖ్యంగా ప్రాడక్ట్‌కు. బయటివారు మీ పదవి పేరు చూస్తారు, లోపలివారు మీ పని చూసి ఉంటారు. అయితే లోపల కూడా "నాకు ఆసక్తి ఉంది" అన్న మాటతో పని జరగదు. పైన చెప్పిన మూడు పఠనాల్లో ఒకదాన్ని మీ సొంత డేటాతో, ఉన్న ఉద్యోగం చేస్తూనే, రెండు పేజీల్లో రాసి సంబంధిత విభాగం మేనేజర్‌కు ఇవ్వండి. దాంట్లో మీకు తెలియని భాగాలను తెలియనివిగానే గుర్తించండి. వారు తిరిగి ప్రశ్నలు వేస్తే తలుపు తెరుచుకుంటున్నట్టే. "బాగుంది" అని ఊరుకుంటే ఆ ప్రశ్న వారికి ముఖ్యం కాదన్నమాట, ఇంకో ప్రశ్న వెతకాలి.

జీతం మాట కూడా చెప్పుకోవాలి. సేల్స్ ఆదాయంలో గణనీయమైన భాగం కమిషన్‌గా వస్తుంది, మిగతా మూడు ఉద్యోగాల్లో చాలావరకు స్థిర జీతమే. పోల్చేటప్పుడు మనసు మంచి సంవత్సరాన్ని గుర్తుచేస్తుంది. గత మూడేళ్ల సగటుతో పోల్చండి. హోదాలో ఒక మెట్టు దిగాల్సి రావచ్చు. అది ఎంతకాలం, ఏం సాధిస్తే తిరిగి పైకి అన్నది మారకముందే మాట్లాడుకోవాలి.

తేదీ ఇంకా ముఖ్యం. మీ చేతిలో సగం నడిచిన డీళ్లు ఉంటాయి. మీరు మారాక అవి గెలిస్తే కమిషన్ ఎవరిది, కస్టమర్ కొద్ది నెలల్లో రద్దు చేసుకుంటే ఇచ్చిన కమిషన్ వెనక్కి తీసుకుంటారా అన్నవి రాతపూర్వకంగా తేల్చుకోండి. నోటిమాటగా వదిలేసిన చోట గొడవలు రావడం మామూలే. త్రైమాసికం మధ్యలో వెళ్లిపోతే పాత బృందం టార్గెట్ మీ వాటాతో సహా వారి నెత్తిన పడుతుంది, అది మీరు రేపు సహకారం అడగాల్సిన బృందం. త్రైమాసికం ముగిశాక, డీళ్లను ఒక్కొక్కటిగా కొత్తవారికి పరిచయం చేసి వెళ్లడం అందరికీ మంచిది.

కొత్త కుర్చీలో మొదటి నెలల్లో చాలామందిని కుంగదీసేది పని కష్టం కాదు, ఫలితం కనిపించకపోవడం. సేల్స్‌లో ప్రతి నెలా ఒక అంకె మీ పేరు పక్కన పడుతుంది. డేటా ఎక్కించే సాధనం పనిచేసిందో లేదో తెలియడానికి రెండు త్రైమాసికాలు పట్టవచ్చు, కొత్త ఆమోద నియమానికి ఒకటి, పెద్ద కస్టమర్ల నిర్ణయానికి ఏడాది. అందువల్ల మొదటి వారంలోనే కొత్త మేనేజర్‌తో కూర్చుని, ఫలితం రాకముందు దేన్ని చూసి పని సరిగ్గా సాగుతోందని ఇద్దరూ ఒప్పుకుంటారో తేల్చుకోవాలి. ప్రాడక్ట్‌లో అయితే ఎంతమంది వాడేవారితో మాట్లాడారు, ఏ ఊహ వీగిపోయింది. ఆపరేషన్స్‌లో అయితే ఏ నిర్వచనం ఖరారైంది, ఏ పరీక్ష మొదలైంది. స్ట్రాటజీలో అయితే ఏ నిర్ణయం కోసం ఏ సంఖ్య కావాలో ఒప్పందం కుదిరిందా అన్నది.